ఏడో వరసలో పోలయ్య

మనుషులకి మాట్లాడటం రాదు. కోపంతో అంటున్న మాట కాదిది, ముప్పై ఏళ్ళ అనుభవంతో అంటున్నది. నోరుంది కాబట్టి తెరుస్తారు, ఎదుటివాడు మూసుకోడు కాబట్టి వీళ్ళూ మూసుకోరు. గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్సు చెబుతూ, చుట్టుపక్కల ఎక్కడ డిబేట్ పోటీ పెట్టినా జడ్జిగా కూర్చుంటూ, నేను విన్నంత చెత్త ఈ జిల్లాలో ఇంకెవరూ విని ఉండరు. "నా మిత్రుడితో నేను ఏకీభవించను" అని బల్ల గుద్దుతాడొకడు. ఎందుకు ఏకీభవించవురా నాయనా అంటే కారణం ఉండదు. చప్పట్లు మాత్రం మారుమోగిపోతాయి.

ఆ చెత్తలోంచి గింజలు ఏరడానికి నాకో పద్ధతి ఉంది. కాగితం మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క అనుకూలం, కుడి పక్క ప్రతికూలం. ఒక్కో పక్కకి మూడేసి గడులు: వాదన, ఆధారం, ఖండన. ఒక అంశానికి ఒకే వరస. ఒకే మాట పదిసార్లు అరిచినా పట్టికలో ఒక్కసారే ఉంటుంది. ఎవరన్నారు, ఎన్నో నిమిషంలో అన్నారు అనేది పక్కన రాసి తీరాలి. ఒక వాదనకి అవతలివాళ్ళు జవాబు చెప్పకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి తప్ప మన బుర్రలోంచి తీసి నింపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పట్టిక రాసేవాడు తీర్పు చెప్పకూడదు. ఇది నేను ఎన్ని వందల మంది పిల్లలకి నేర్పానో లెక్కలేదు. వాళ్ళలో నేర్చుకున్నవాళ్ళ లెక్కయితే చెప్పగలను, ఇద్దరో ముగ్గురో.

ప్రసాద్ ఆ ముగ్గురిలో లేడు. బందరులో ఒక ప్రభుత్వాఫీసులో పని చేస్తున్నాడు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పెన్‌డ్రైవు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మేడమ్, మీ పట్టిక ఒకటి కావాలండీ," అన్నాడు. "కాలేజీలో గీయించేవారు చూడండి, రెండు పక్కలది."

"గీయించాను. నీకు రాలేదు."

"రాలేదనే కదండీ మీ దగ్గరకొచ్చాను," అని నవ్వాడు. సిగ్గు లేనివాళ్ళని తిట్టి కూడా ప్రయోజనం ఉండదు.

విషయం ఇది. అవనిగడ్డ దాటాక, రోడ్డు ఇంక సముద్రంలో దిగిపోతుందేమో అనిపించే చోట సోమన్నతిప్ప అనే ఊరుంది. అంతా చేపల వేట మీద బతికేవాళ్ళే. ఊరి పక్క ప్రభుత్వం తాలూకు ఇసకదిబ్బ మీద అక్కడి ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటారు. ఆ దిబ్బ ఇస్తే ఐసు ఫ్యాక్టరీ కట్టుకుంటామని పడవల సంఘం అర్జీ పెట్టింది. దిబ్బ ఇవ్వడానికి వీల్లేదని ఆడవాళ్ళు, వాళ్ళ వెనక సగం ఊరు. ఆఫీసువాళ్ళు వెళ్ళి ఊరిని కూర్చోబెట్టి, రెండు పక్షాలూ వాదించుకుంటుంటే రికార్డు చేసుకొచ్చారు. రెండు గంటల నలభై నిమిషాలు.

"మా సార్ అంతసేపు వినరండీ," అన్నాడు ప్రసాద్. "మీ పట్టిక ఉంటే చాలు, దాని మీదే నోట్ పెట్టేస్తాం. దిబ్బ ఇవ్వాలో వద్దో అందులోనే తేలిపోవాలి."

"పట్టికలో తేలదు. పట్టిక చూసి మీ సార్ తేల్చాలి."

"అదేనండీ," అన్నాడు వాడు. వాడికి తేడా తెలియలేదు.

మాట్లాడినవాళ్ళ పేర్ల జాబితా, దాంతోపాటు కంప్యూటరు రాసిన కాగితాలు కూడా ఇచ్చాడు. వాటిలో అందరూ వక్త ఒకటి, వక్త రెండు. సముద్రపు గాలి కూడా వక్త ఐదుగా నమోదయింది, పైగా అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడింది అదే. ఆ కాగితాలు తీసి అవతల పడేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

అబ్బబ్బ, ఏం గోల! పిల్లల ఏడుపులు, దగ్గులు, ఎవడో కుర్చీ లాగడం. మొదటి పది నిమిషాలు ఎవరు ఏ వరసలో కూర్చోవాలనే దాని మీదే సరిపోయింది. ఇలా అయితే తెల్లారిపోతుందని వేగం ఒకటిన్నరకి పెంచాను. పెంచినా వాళ్ళు చెప్పేది అర్థమవుతూనే ఉంది. నాలుగు మాటల్లో తేలేదాన్ని నలభై మాటల్లో చెబుతుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ గోలలో నాకు మనిషిలా కనిపించినవాడు ఒక్కడే, పడవల సంఘం ప్రెసిడెంటు బంగార్రాజు. బందరులో డిగ్రీ చదివాడట. మాటకి ముందొక కారణం, వెనకొక ఉదాహరణ. నలభై ఎనిమిదో నిమిషంలో ఒక్కసారిగా గొంతు మార్చి, "నా చేప ఇసక మీదే ఎండాలి. సిమెంటు అరుగు మీదేస్తే కింద మాడి పైన పచ్చిగా ఉంటది. దిబ్బ పోతే నేను నెత్తిన గంపెట్టుకుని ఎక్కడికి పోను?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నాలుగు పడవలున్నవాడు నెత్తిన గంప పెట్టుకోవడమేమిటి! ఎదుటి పక్షం వాదన తను ఎత్తి చూపించి, తర్వాత దానికి జవాబు చెప్పాడు. నా పిల్లలకి ముప్పై ఏళ్ళు నేర్పినా రాని విద్య. నాలుగో వరసలో, ప్రతికూలం పక్క, ఆ వాదన రాసి "బంగార్రాజు ఎదుటి పక్షం వాదనను ఉదహరించి, ఆపైన ఖండించారు" అని చేర్చాను.

అవతలి పక్క పోలయ్య అని ఒక ముసలాయన. ఊరి పెద్దట. గొంతులో గళ్ళ, మాటకీ మాటకీ మధ్య ఊరంత ఖాళీ. గంటా పన్నెండో నిమిషంలో లేచాడు. ఏమో ఇటియ్యి అన్నాడు, మంచినీళ్ళు కాబోలు. "నా సరుకు కుళ్ళిపోతంది," అని మొదలెట్టాడు. "కార్తీకంలో రెండ్రోజుల వేట గోతిలో పూడ్చాను. ఐసు చేతిలో ఉంటే బేరగాడి ముందు తలొంచక్కర్లేదు. ఈ దిబ్బంటారా, ఏడాదిలో నాలుగు నెలలు ఉత్తినే పడుంటది." దూరంగా బంగార్రాజు గొంతు "అదే నా మాట" అంది.

భేష్ అనుకున్నాను. దిబ్బ ఇవ్వొద్దని వాదించాల్సినవాడు లేచి, ఇవ్వండని వాదిస్తున్నాడు! ఆ తర్వాత పది నిమిషాలు మళ్ళీ ఇవ్వొద్దని ఏదో నసిగాడు. తాతలనాటి దిబ్బ, వలలు, పడవలు, జూన్ నెల. తనేం ఒప్పుకున్నాడో తనకే గుర్తులేనివాడి మాట నేనెందుకు గుర్తు పెట్టుకోవాలి? ఏడో వరసలో అనుకూలం పక్క రాశాను: "ఐసు లేక సరుకు పాడవుతోందని, దిబ్బ ఏడాదిలో నాలుగు నెలలు ఖాళీగా ఉంటుందని ప్రతికూల పక్షం పెద్ద పోలయ్యే అంగీకరించారు." ఎదురుగా ఖండన గడిలో: "లేదు. ఆచారం పేరుతో కొన్ని అభ్యంతరాలు. తన అంగీకారానికే విరుద్ధం."

ఆ చివరి ముక్క తీర్పే. రాస్తున్నప్పుడే తెలుసు. అయినా తుడవబుద్ధి కాలేదు. అంత తెలివితక్కువ మాటని తెలివితక్కువ మాట అని ఎవరో ఒకరు రాయాలి కదా అనిపించింది.

మొత్తం పదకొండు వరసలు తేలాయి. అడుగున "రికార్డింగును రెండుసార్లు పూర్తిగా విని, సరిచూసి తయారు చేయడమైనది" అని రాసి సంతకం చేశాను. రెండోసారి వినలేదు. ఆ మనుషుల్ని రెండోసారి వినాలంటే పూర్వజన్మలో ఏదో పాపం చేసి ఉండాలి.

పదహారు రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో మడతపెట్టిన కాగితం, చంకలో గుడ్డసంచి. ఎండకి మొహం కమిలిపోయింది.

"భ్రమరాంబగారిల్లు ఇదేనాండి?"

"నేనే. ఏం కావాలి?"

"నా పేరు వీరమ్మండి. సోమన్నతిప్ప. తెల్లారుగట్ల బయల్దేరి, అవనిగడ్డలో ఓ బస్సు, చల్లపల్లిలో ఓ బస్సు, పామర్రులో ఓ బస్సు మారొచ్చానండి. పట్టీ రాసింది మీరేనంట గదా."

"పట్టీ కాదు, పట్టిక."

"అదేనండి," అంది. మంచినీళ్ళయినా అడగలేదు. నేనూ ఇవ్వలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు, వరండా మెట్టు చూపించాను. కూర్చుని కాగితం విప్పింది. నా పట్టికే, జిరాక్సు.

"మా బళ్ళో పంతులమ్మ చదివి చెప్పిందండి. దిబ్బ ఐసు ఫ్యాక్టరీకి ఇచ్చేస్తన్నామని నోటీసు అంటించారు. మీ పెద్దే ఒప్పుకున్నాడని అందులో రాశారు. ఏమన్నా చెప్పుకునేది ఉంటే వారంలోపు చెప్పుకోమన్నారు, అందులో మూడు రోజులే మిగిలినయ్యి. ముప్పై ఏడు ఇళ్ళ ఆడాళ్ళం ఆ దిబ్బ మీద బతుకుతన్నామండి. పోలయ్య బావ ఎప్పుడొప్పుకున్నాడండి?"

"గంటా పన్నెండో నిమిషంలో."

"అది ఆయన మాట కాదండి. బంగార్రాజు మాట."

"నోరు ఆయనది, మాట బంగార్రాజుదా? ఏం, పూనకం వచ్చిందా?" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. నాలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది.

"మా తిప్ప మీద కట్టుబాటండి. ఊరు కూచున్నప్పుడు ఎవురైనా ఎదుటోడికి జవాబు చెప్పాలంటే, ముందు ఆడి మాట ఆడికన్నా బాగా చెప్పాలి. ఆడి తువ్వాలు అడిగి తీసుకుని భుజానేసుకుని, ఆడే తానైనట్టు చెప్పాలి. అప్పుడాడు 'అదే నా మాట' అనాల. అనకపోతే మళ్ళీ చెప్పాల్సిందే. ఆడన్నాక తువ్వాలు ఆడికిచ్చేసి, అప్పుడు తన మాట మొదలెట్టాల. అట్టా చెయ్యకపోతే ఆ మనిషి మాట ఊరు వినదండి."

ఆవిడ ఇంకా చెప్పింది. "మా అత్తగారు చెప్పేది, పూర్వం వినకుండా జవాబులు చెప్పుకుని పడవలు తగలెట్టుకున్నారంట. అప్పట్నుంచి ఈ కట్టుబాటంట."

"మరి ఆఫీసువాళ్ళు చూశారుగా? వాళ్ళు చెప్పొద్దూ?"

"ఆళ్ళు ఫోను బల్ల మీదెట్టి, పడవల కాడ ఫొటోలు దిగటానికి పోయారండి."

ప్రసాద్‌కి అంతకన్నా చేతకాదని నాకు తెలుసు. అయినా నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "ఇదంతా నువ్విప్పుడొచ్చి చెబుతున్నావు. ఆ తువ్వాలు రికార్డింగులో వినపడదు. దీనికి ఆధారం ఏమిటి?" అన్నాను. ఆ ప్రశ్నతో ముప్పై ఏళ్ళుగా ఎంతమంది నోళ్ళు మూయించానో.

వీరమ్మ కాగితం మీద వేలు పెట్టింది. చదువు రాదు, కానీ వరసలు లెక్కపెట్టుకుని వచ్చింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక్కడ బంగార్రాజు గదండీ? ఆయన నా మాట చెప్పాడు. నెత్తిన గంపెట్టుకుని ఎక్కడికి పోను అన్నాడు. ఆడాళ్ళకి తువ్వాలుండదు గదండీ, అందుకని నా చుట్టగుడ్డ అడిగి తీసుకున్నాడు, గంప కింద పెట్టుకునేది. నెత్తిన పెట్టుకుంటే అందరూ నవ్వారు. నేను అదే నా మాట అన్నాను. పోలయ్య బావ చేసిందీ అదే. మరి బంగార్రాజు ఒప్పుకున్నాడని ఎందుకు రాయలేదండి?"

నాలుగో వరస చూశాను. "ఉదహరించి, ఆపైన ఖండించారు." ఏడో వరస చూశాను. "పోలయ్యే అంగీకరించారు." రెండూ నా రాతే, ఒకే సాయంత్రం, ఒకే పెన్ను.

సిగ్గేసింది. లేచి లోపలికెళ్ళి లాప్‌టాప్ తెచ్చి, ఈసారి వేగం మామూలుగా పెట్టి, ఇయర్‌ఫోన్లు తీసేసి వినిపించాను. వీరమ్మ మెట్టు మీద, నేను గడప మీద.

నలభై ఎనిమిదో నిమిషం. "పిన్నీ, ఇటియ్యి," అని బంగార్రాజు. నవ్వులు. నా చేప ఇసక మీదే ఎండాలి. "అదే నా మాట," అని వీరమ్మ గొంతు. గంటా పన్నెండో నిమిషం. "బంగార్రాజూ, ఇటియ్యి," అని పోలయ్య. నా సరుకు కుళ్ళిపోతంది. "అదే నా మాట," అని బంగార్రాజు. "ఇదిగో, నీది నీకు," అని పోలయ్య. ఒకటిన్నర వేగంలో ఈ చివరి ముక్క నాకు దగ్గులా వినపడింది. కాదు, అబద్ధమెందుకు, వినపడే ఉంటుంది. మంచినీళ్ళ గ్లాసు తిరిగిచ్చాడనుకున్నాను.

ఆ తర్వాత నేను "ఆచారం పేరుతో కొన్ని అభ్యంతరాలు" అని కొట్టిపారేసిన పది నిమిషాలు.

"నాలుగు నెలలు ఉత్తినే ఉంటదన్నావు," అంటున్నాడు పోలయ్య. "రెండు నెలలు వేట బందు, రెండు నెలలు వానలు. ఆ నాలుగు నెలలూ వలలు ఆరేసేదెక్కడ? చినిగితే అల్లుకునేదెక్కడ? పడవలు పైకి లాగి బాగుచేసుకునేదెక్కడ? పోయిన జూన్‌లో నీ నాలుగు పడవలు ఎక్కడున్నయ్యి?"

బంగార్రాజు మెల్లిగా, "దిబ్బ మీదే ఉన్నయ్యి మావా," అన్నాడు.

ఒప్పుకున్నది ఎవరయ్యా అంటే అతను. ఊరంతా వింటుండగా, తన వాదనకి ఆయువుపట్టు లాంటి ముక్కని ఎదుటివాడికి ఇచ్చేశాడు, పెద్దమనిషిలా. నేనది రాయలేదు. పోలయ్య ఇంకా చెప్పాడు. ఐసు వద్దని ఎవరూ అనటం లేదు, ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కనే ప్రభుత్వ స్థలం ఉంది, ఐసు లారీ తిరగడానికి దిబ్బ కన్నా అదే నయం, అక్కడ కట్టండి అన్నాడు. ఆ స్థలం కొలిచి వచ్చానన్నాడు, అడుగులతో సహా చెప్పాడు. వాదన, ఆధారం, ఖండన, దాని మీద ప్రత్యామ్నాయం. నా పోటీల్లో ఇలా మాట్లాడే పిల్లాడు దొరికితే ఫస్ట్ ప్రైజు ఇచ్చి ఊరంతా చెప్పుకునేదాన్ని. గొంతులో గళ్ళ ఉన్న ముసలాయన కాబట్టి ఒక్క ముక్కలో ఊడ్చేశాను. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదంటారు. నాకు పైనున్న నలుపు కూడా కనపడలేదు.

"మంచినీళ్ళు తాగుతారా?" అన్నాను.

"ఇవ్వండి," అంది వీరమ్మ. రెండు గ్లాసులు గడగడా తాగింది. పొద్దుట్నుంచీ తాగలేదట.

ఆ రాత్రికి వీరమ్మ మా ఇంట్లోనే ఉంది. మర్నాడు ఇద్దరం బస్సెక్కి పెడన మీదుగా బందరు వెళ్ళాం. ఆఫీసు వరండాలో ప్రసాద్ ఎదురొచ్చాడు. నేను చెప్పింది విని, వీరమ్మకి వినపడకుండా నన్ను పక్కకి లాక్కెళ్ళాడు.

"మేడమ్, దీనికింత హడావిడి ఎందుకండీ. టైపింగులో పొరపాటు అని ఒక్క లైను రాసివ్వండి. ఏడో వరస తీసేసి వేరేది పెట్టేద్దాం. మీ పేరు పోదు, మా పేరు పోదు."

ఛీ అనాల్సింది. అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఉపాయం నాకు రాత్రే తట్టింది. టైపింగు పొరపాటు. ఎంత శుభ్రమైన మాట! జడ్జి కుర్చీ నాదే, పిల్లల ముందు తల ఎత్తుకుని తిరగొచ్చు. వీరమ్మకి కూడా కావలసింది ఏడో వరస మారడమే కదా. కానీ బంగార్రాజు వైపువాళ్ళు ఊరుకుంటారా? మొన్న ఒప్పుకున్నాడన్నారు, ఇవాళ లేదంటున్నారు, ముసల్ది ఏడ్చిందని మార్చారంటారు. ఎందుకు మారిందో చెప్పకుండా మార్చిన గడి ఎవరి ముందూ నిలబడదు. అది కూడా నేను పిల్లలకి చెప్పిన పాఠమే.

"నువ్వు ఫొటోలు దిగుతూ ఉండు నాయనా," అని ప్రసాద్‌కి చెప్పి, తెల్లకాగితం తీసుకుని రాశాను. రికార్డింగు ఒక్కసారే విన్నాను. అదీ వేగం పెంచి విన్నాను. రెండుసార్లు విన్నానని రాసింది అబద్ధం. బంగార్రాజు, పోలయ్య ఇద్దరూ ఊరి కట్టుబాటు ప్రకారం ఎదుటివారి మాటను తమ నోటితో చెప్పారు. ఒకరిది ఉదాహరణగా, ఇంకొకరిది అంగీకారంగా రాశాను. పోలయ్య చెప్పిన ఖండన పది నిమిషాలుంటే లేదని రాశాను. దిబ్బ ఖాళీగా ఉండదని ఒప్పుకున్నది బంగార్రాజు. అది పట్టికలో లేదు. ఒక్కో వాక్యం రాస్తుంటే చెంప మీద ఒక్కోటి పడ్డట్టుంది. సంతకం పెట్టాను.

ఆఫీసరు పాండురంగయ్యగారు కాగితం రెండుసార్లు చదివారు. ఆయన నిజంగానే రెండుసార్లు చదివారు, నేను చూశాను. తర్వాత పట్టిక ముందుకు లాక్కుని, కళ్ళజోడు మీంచి నా వైపు చూశారు.

"మొత్తం పదకొండు వరసలున్నాయి. ఒకటి ఇలా ఉందని ఈవిడ మూడు బస్సులు మారొచ్చి చెబితే తెలిసింది. మిగతా పదింట్లో ఎన్ని ఇలా ఉన్నాయమ్మా?"

"తెలియదండీ," అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట నా నోట రావడం నేనెరుగను.

"తెలియదు," అన్నారాయన. పట్టిక మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఏదో రాశారు. "నోటీసు ఆపేస్తున్నాను. దిబ్బ ప్రస్తుతానికి ఎవరికీ ఇవ్వటం లేదు. ఊరు మళ్ళీ కూర్చుంటుంది, ఈసారి నేనే వెళ్తాను. పట్టిక కూడా మళ్ళీ మొదట్నుంచి చేయాలి, అక్కడే కూర్చుని, కళ్ళతో చూస్తూ." కుర్చీలో వెనక్కి వాలారు. "తప్పు రాసినావిడే తప్పని రాసివ్వడం నా సర్వీసులో చూళ్ళేదు. పని ఎలా చెయ్యాలో ఇప్పుడు మీకు తెలుసు. మీరే వచ్చి రాయండి."

నా ప్రాణం లేచొచ్చింది. అబద్ధమాడను, పొంగిపోయాను. తప్పు ఒప్పుకున్న గొప్పతనం కూడా నా ఖాతాలో పడుతోంది. వస్తానండీ అనడానికి నోరు తెరిచాను.

"ఆవిడొద్దండి," అంది వీరమ్మ.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గొంతు పెంచలేదు. నా వైపు చూడనూ లేదు, ఆఫీసరుతోనే చెప్పింది.

"బళ్ళో పంతులమ్మ చేత రాయించండి, ఇంకెవురి చేతన్నా రాయించండి. ఆవిడొద్దండి. ఆవిడకి మేం మనుషుల్లాగా వినపడం."

దానికి ఆధారం ఏమిటని అడగబోయాను. అలవాటు. ఆ ప్రశ్న నాలిక చివరి దాకా వచ్చింది కూడా. ఆధారం, నా సంతకంతో సహా, ఆఫీసరుగారి టేబులు మీద ఉంది.